తొలిచూపు గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ తొలిచూపు గారికి,

హనుమకొండ నుంచి పెళ్లయిన ఒక మనిషి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మా చిన్నమ్మ కొడుకును చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో ఏ ఫంక్షనైనా సరే, భోజనాలయ్యాక వాడు మీ మహిమ మొదలుపెడతాడు. "అన్నా, చూడంగనే ఫిక్స్ అయిపోయిన. గుండె దడదడ కొట్టుకున్నది" అంటాడు. కొత్తగా పెళ్లయిన వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. పాతవాళ్లు సోంపు నములుతారు.

ఆ గుండె గురించే నా మొదటి ఫిర్యాదు. ఆ రోజు జరిగింది ఇదీ. కాజీపేట జంక్షన్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కదులుతోంది. మావాడు భుజాన బ్యాగుతో మెట్లు రెండేసి చొప్పున దిగి, ప్లాట్‌ఫారం పొడుగూ ఉరికి, చివరి బోగీ పట్టుకున్నాడు. సీటు దొరికింది. చెమట తుడుచుకున్నాడు, నీళ్లు తాగాడు, అంతా మామూలైపోయిందనుకున్నాడు. అప్పుడు తల ఎత్తితే ఎదురుగా కిటికీ పక్కన ఆ అమ్మాయి కూర్చుని ఉంది. గుండె కొట్టుకున్న మాట నిజమే. కొట్టించింది మీరా, కాజీపేట మెట్లా?

ఊరికే అనడం లేదు. 1981లో గ్రెగరీ వైట్, ఆయన తోటి పరిశోధకులు ఇదే పరీక్ష పెట్టారు. కొందరు కుర్రాళ్లను ఉన్నచోటే రెండు నిమిషాలు పరుగెత్తించారు, మరికొందరిని పదిహేను సెకన్లతో ఆపేశారు. తరువాత వాళ్లకు ఒక అమ్మాయి వీడియో చూపించారు. మనిషి ఒకతే. కానీ ఒక వీడియోలో అందంగా, ఇంకో వీడియోలో అందవిహీనంగా తయారు చేశారు. ఎక్కువసేపు పరుగెత్తిన వాళ్లకు అందంగా తయారైన అమ్మాయి మరింత నచ్చింది. అదే అమ్మాయి రెండో వేషంలో కనిపిస్తే, తక్కువసేపు పరుగెత్తిన వాళ్లకంటే వీళ్లకు ఇంకా తక్కువ నచ్చింది. అంటే గుండెదడ ప్రేమను పుట్టించదు. ఇష్టమో అయిష్టమో ముందే ఉన్నదాని వాల్యూమ్ పెంచుతుంది, అంతే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. రొప్పుతున్నంతసేపు ఎవరూ మోసపోరు, ఇది పరుగు వల్లేనని తెలుస్తూనే ఉంటుంది. అసలు చిక్కు కొద్ది నిమిషాల తరువాత వస్తుంది. మనసు ‘సర్దుకున్నాను’ అంటుంది, ఒంట్లో వేడి మాత్రం ఇంకా దిగదు. మిగిలిన ఆ దడకు కారణం వెతికితే ఎదురుగా ఉన్న మొహమే కనిపిస్తుంది. మావాడు నీళ్లు తాగి తల ఎత్తింది సరిగ్గా అప్పుడే. మీ టైమింగ్‌కు దండం.

రెండో ఫిర్యాదు కొంచెం పెద్దది. మీరు ఇద్దరి మధ్యా ఒకేసారి మెరుస్తారని ప్రచారం. 2017లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోరియన్ జోక్ బృందం మిమ్మల్ని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని చూసింది. జంటలు చెప్పే పాత కథలతో సరిపెట్టుకోలేదు. దాదాపు 400 మందిలో కొందరికి కొత్తవాళ్ల ఫొటోలు చూపించి, కొందరిని పరిచయ కార్యక్రమాల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి, అక్కడికక్కడే అడిగింది: ఇప్పుడు ఈ మనిషి మీద తొలిచూపు ప్రేమ కలిగిందా? 32 మంది కలిగిందన్నారు. కొందరికి ఒకరికంటే ఎక్కువమంది మీద కలగడంతో మొత్తం 49 సార్లయింది. (తొలిచూపుకు కూడా రెండో చూపు, మూడో చూపు ఉంటాయన్నమాట.) ఆ 49లో ఇద్దరికీ ఒకేసారి కలిగిన సందర్భం ఒక్కటి కూడా లేదు.

పోనీ, కలిగినవాళ్లకైనా కలిగింది ప్రేమేనా అని కొలిచారు. సాన్నిహిత్యం, మోహం, కలిసి ఉండాలనే నిబద్ధత, ఈ మూడింట్లో ఏదీ పెద్దగా లేదు. గట్టిగా కనిపించింది రూపం మీద ఆకర్షణ ఒక్కటే. అందానికి వేసిన మార్కు ఒక్క మెట్టు పెరిగితే, మీ పేరు చెప్పే అవకాశం దాదాపు తొమ్మిదింతలు పెరిగింది. పరీక్షకు కూర్చున్నవాళ్లు ఎక్కువగా డచ్, జర్మన్ యువతీయువకులు, దొరికిన కేసులు కొద్దే, కాబట్టి మీరు లోకంలో ఎక్కడా ఇద్దరికీ కలిసి కనిపించరని నేను అనను. కానీ ఇద్దరికీ కలిగిందనే కథలు ఇన్ని ఎలా వస్తున్నాయో చెప్పాల్సిన బాధ్యత ఇప్పుడు మీది.

మీరు చెప్పరు గనుక, మా కేసులో అవతలి పార్టీని నేనే అడిగాను. మా మరదలు పప్పు కడుగుతూ చెప్పింది: "నాకేం మెరుపులు రాలే బావా. ఎవరో చెమటలు కక్కుకుంట కూసున్నడు, బీపీ పేషెంటేమో అని నా నీళ్ల బాటిల్ ఇచ్చిన." పక్క గదిలో మావాడు అదే బాటిల్ గురించి కవిత్వం చెబుతున్నాడు.

వాడు అబద్ధాలకోరు కాడు, అదే మీ అసలు నేర్పు. ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పాడు: ట్రైన్ దొరికింది, సీటు దొరికింది, ఎదురుగా ఒక అమ్మాయి ఉండె, మంచిగున్నది. అదే వరుసలో. పరిచయం ముదిరాక చెప్పినప్పుడు అమ్మాయి మొదటికొచ్చింది. పెళ్లయ్యాక ట్రైనే ఆమె కోసం ఆగింది. 1987లో మెక్‌ఫార్లండ్, రాస్ అనే ఇద్దరు, ప్రేమలో ఉన్న విద్యార్థుల చేత తమ జోడీకి మంచితనం, నిజాయితీ వంటి గుణాల్లో మార్కులు వేయించారు. రెండు నెలల తరువాత కొత్త మార్కులతో పాటు, అప్పుడెన్ని వేశారో గుర్తుచేసుకుని రాయమన్నారు. ఈలోగా ఇష్టం పెరిగినవాళ్లు పాత మార్కులను పెంచి రాశారు, తగ్గినవాళ్లు తగ్గించి రాశారు. రెండు నెలలకే ఇంత దిద్దుబాటు జరిగితే, ఇద్దరు పిల్లలు పుట్టాక జ్ఞాపకం తొలిరోజును ఎలా తిరగరాస్తుందో మీరే ఊహించండి. పైగా డిగ్రీలో ఒకసారి, మేడారం జాతరలో ఇంకోసారి మావాడు ఇలాగే ఫిక్స్ అయ్యాడు. అవి పెళ్లిదాకా రాలేదు గనుక వాడి లెక్కలో లేవు.

మీ పక్షాన ఒక్క మాట దాచకుండా చెప్పాలి. 2007లో, గ్రోనింగెన్‌లోనే పనిచేసే బారెల్డ్స్, ఆయన సహచరి 137 జంటలను పరిశీలించారు. తొలిచూపుతో కలిశామన్నవాళ్లు త్వరగా దగ్గరయ్యారు, స్వభావాలు కూడా అంతగా కలవలేదు. అయినా వాళ్ల కాపురాలు మిగతావాళ్ల కాపురాలకంటే తీసిపోలేదు. మావాడిదీ అంతే. ఈ పెళ్లి నిలబడిందంటే ఆమె ఓపికకే ఎక్కువ మార్కులు వేయాలి, వాటిని మీ ఖాతాలో వేసుకోకండి.

చివరగా చిన్న మనవి. వచ్చే ఆదివారం మా చెల్లె పెళ్లిచూపులు. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అబ్బాయి మెట్లెక్కి వచ్చి, కాస్త ఊపిరి తీసుకుని, చాయ్ తాగే వేళకు అమ్మాయి వస్తే, పైన చెప్పిన లెక్క ప్రకారం చాలా నచ్చవచ్చు, లేదా అన్యాయంగా నచ్చకపోవచ్చు. అరగంట కూర్చోబెట్టి ఆ తరువాతే పిలుద్దామని నేనన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల మంచిగనే ఉంటది గద, మరి మెట్లెందుకు వేస్టు చేసుడు?" అంటోంది.

ఇట్లు,
మీ లెక్కలు చూస్తున్న
ఒక హనుమకొండవాసి