వాకర్ అటక మీదికి, బిడ్డ బండల మీదికి

బోర్లపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్లలోనే ఇప్పుడు పాయసం మెట్టును దాటేస్తున్నారు. అనంతపురంలో బిడ్డకు ఏడో నెల పడిందో లేదో, చుట్టాల్లో ఎవరో ఒకరు చక్రాల వాకర్ తెచ్చి పెడతారు. కెనడా 2004లోనే నిషేధించిన వస్తువు అది. మనకు మాత్రం ముద్దుగా కనిపిస్తోంది.

వాకర్‌లో బిడ్డను కాసేపు గమనించండి. ఒంటి బరువు చాలావరకు సీటే మోస్తుంది. మునివేళ్లతో నేలను తన్నితే చాలు, బండి దూసుకుపోతుంది. ట్రే అడ్డం కాబట్టి తన పాదాలు తనకే కనపడవు. పక్కకు ఒరిగి చెయ్యి ఆనించడం, దేన్నో పట్టుకుని లేవడం, పడబోయి నిలదొక్కుకోవడం వంటివి నేర్చుకుంటేనే నడక వస్తుంది. వాకర్‌లో వాటికి చోటే లేదు. పైగా మెట్ల దాకా, వేడి టీ గ్లాసు దాకా క్షణంలో చేరుస్తుంది.

'వంట అయ్యేదాకా ఊరికే ఉంటాడు కదా' అంటారు తల్లులు. ఆ కష్టం నిజమే. కానీ ఊరికే ఉంచేది వాకర్ కాదు, కళ్లెదుట పరిచిన చాపా నాలుగు గిన్నెలూ.

ఆ గిన్నెలతోనే అసలు ఆట. కడప బండలు పరిచిన నేల తుడిచి, ఎనిమిది నెలల బిడ్డ ముందు గిలక్కాయను తువ్వాలుతో సగం కప్పండి. లాగేస్తుంది. తర్వాత పూర్తిగా కప్పండి. ఆరో నెలలో అయితే వస్తువు మాయమైపోయినట్టు ముఖం తిప్పుకునేది. ఇప్పుడు తువ్వాలు లాగి వెతుకుతుంది. ఇక రెండు గిన్నెలు బోర్లించి, ఎడమ దాని కింద రెండు మూడుసార్లు దాచాక, చూస్తుండగానే కుడి దాని కిందికి మార్చండి. చాలామంది పిల్లలు మళ్లీ ఎడమ గిన్నే ఎత్తుతారు. టెన్షన్ పడొద్దు, ఆ వయసు ఆలోచన అంతే. ఏడాది దాటేకొద్దీ ఆ పొరపాటు తగ్గుతుంది. గిన్నెలను మూరెడు దూరం జరిపితే అదే ఆట పాకుడు కూడా నేర్పుతుంది. 'గిలక్కాయ ఏదమ్మా?' అని అడిగి ఆగండి. ఆ సందులో బిడ్డ 'ఊ' అంటే అదే జవాబు. ఫోన్‌లో పాట అలా ఆగి వినదు. నోట్లో పట్టేంత చిన్న వస్తువులు మాత్రం దాచొద్దు.

పట్టుకుని నిలబడ్డాక పాత చెక్క తోపుడు బండి మంచిది. బరువు తన కాళ్లదే, పాదాలూ కనిపిస్తాయి. నున్నటి బండల మీద జారుతుంటే చక్రాలకు గుడ్డ చుట్టాలి. కొందరు పిల్లలు పాకకుండానే నడుస్తారు, ఫర్వాలేదు. తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకూ నడవకపోయినా, ఎప్పుడూ ఒక చెయ్యే వాడుతున్నా డాక్టర్‌కు చూపించాలి.

అసలు బాధ ఇక్కడే. మన వ్యవస్థకు బిడ్డంటే బరువు, గుడ్డు, పాల ప్యాకెట్. మూడేళ్ల లోపు పిల్లల ఆటపాటల కోసం కేంద్రం 2024లో 'నవచేతన' అనే మార్గదర్శక పత్రం తెచ్చింది. దాన్ని అంగన్‌వాడీ అల్మారాలో పెట్టి తాళం వేయకుండా, తూకం వేసే రోజునే తల్లి ఎదుట చాప పరిచి ఈ గిన్నెల ఆట ఆడించి చూపాలి. అందుకు టెండర్లు అక్కర్లేదు.