రాయించిన ప్రశ్నలన్నీ ఒకే గొంతుతో ఉంటే

"మా చాట్‌బాట్‌ని పరీక్షించడానికి జనం అడిగిన అసలు ప్రశ్నలు 60 ఉన్నాయి. ఏఐ మోడల్‌తో ఇంకో 500 రాయించి కలిపేస్తే టెస్ట్ సెట్ సరిపోతుంది కదా?"

సరిపోదండీ. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల కోసం చేసిన చాట్‌బాట్‌కి మేమూ అలాగే 400 రాయించాం. ప్రతి ప్రశ్నలో మొదటి రెండు మాటలు లెక్కపెడితే 230 "నా చెరువులో" అనే మొదలయ్యాయి. అన్నీ పూర్తి వాక్యాలే, చివర "ఏం చేయాలి?" రైతు అలా అడగడు. "తెల్లారి రొయ్య పైకి తేలతా ఉంది, ఏరేటర్ రాత్రి ఆగింది, మేత ఆపాలా" అని మూడు సంగతులు కలిపి, చాలాసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడతాడు.

మోడల్ మాటల ఎంపికలో వైవిధ్యం పెంచే టెంపరేచర్ సెట్టింగ్ పెంచి చూశాం. మాటలు మారాయి, అడిగే సంగతి మారలేదు. చివరికి పనిచేసింది గళ్ల పట్టిక: అడిగేది రైతా, కౌలుదారా, మేత డీలరా, పంట ఎన్నో రోజు, ఎలా టైప్ చేస్తారు. ఒక్కో గడికి ఐదే ప్రశ్నలు రాయించాం, ప్రతిసారీ వేరే అసలు ప్రశ్నలు మూడు నమూనాగా ఇచ్చి. తర్వాత వాక్యం అర్థాన్ని అంకెలుగా మార్చే ఎంబెడింగ్‌లతో పోల్చి, మరీ దగ్గరగా ఉన్న జంటల్లో ఒకటి తీసేశాం. ఎంత దగ్గరైతే తీసేయాలన్న హద్దు మాత్రం కొన్ని జంటలు కళ్లతో చదివాకే పెట్టుకోండి. "మేత పెంచాలా", "మేత ఆపాలా" అనేవి ఆ లెక్కలో చాలా దగ్గరగా వస్తాయి, రైతుకి మాత్రం పూర్తిగా వేరు.

మీ 60లో సగమే నమూనాలకు వాడి, మిగతా 30 ప్రశ్నలు రాసే మోడల్‌కి చూపించకుండా ఉంచండి, వాటిలో చాట్‌బాట్‌కి వచ్చిన మార్కులు విడిగా రాసుకోండి. మాకు మొదట రాయించిన ప్రశ్నల్లో 91 శాతం వచ్చినప్పుడు, అలా దాచిన వాటిలో సగం కూడా రాలేదు.