దారి తప్పిన మెయిల్ చర్చ: తేలిందేమిటి, తేలనిదేమిటి

ఏప్రిల్ 1 నుంచి ఇన్‌వాయిస్‌లకు కొత్త వరుస సంఖ్యలు వాడాలని ఒక సంస్థలోని అకౌంట్స్ విభాగం మెయిల్ పంపిందనుకుందాం. నాలుగైదు రోజులు గడిచేసరికి ఆ చర్చ ఇన్‌వాయిస్ మీద లోగో ఎక్కడ ఉండాలన్న దానికి, అక్కడి నుంచి బ్రాంచి ప్రింటర్ల మొరాయింపుకు మళ్లుతుంది. ఈలోగా ఎవరో పాత మెయిల్‌కు జవాబివ్వడంతో, తర్వాత చేర్చిన ఐటీ విభాగం వారికి ఆ జవాబు చేరనే చేరదు.

దీన్ని ఒక సారాంశం మెయిల్‌తో గాడిన పెట్టాలనుకునేవారు ముందుగా అన్ని పాయలనూ మొదటి నుంచి చదివి, ప్రతి మాటా నిర్ణయమా, అభిప్రాయమా, జవాబు రాని ప్రశ్నా అన్నది విడదీయాలి. చాలా సారాంశాలు చెడిపోయేది ఇక్కడే. "ఇలా చేస్తే బాగుంటుంది" అన్న మాటను "ఇలా నిర్ణయించాం" అని రాస్తే, అది సారాంశం ముసుగులో రాసినవారు చేసిన కొత్త నిర్ణయమవుతుంది. అందుకే ప్రతి నిర్ణయం పక్కన దాన్ని ఎవరు, ఏ తేదీ మెయిల్‌లో ఖరారు చేశారో రాయడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మన ఉదాహరణలో ఆ సారాంశం మెయిల్ ఇలా ఉండవచ్చు: "సంఖ్య నమూనా HYD/25-26/00001 అని అకౌంట్స్ మేనేజర్ మార్చి 12న ఖరారు చేశారు. ఇందులో 15 అక్షరాలున్నాయి, జీఎస్టీ నిబంధన 16కు మించకూడదంటుంది. పాత క్రెడిట్ నోట్ల సంగతి తేలలేదు. సేల్స్ మేనేజర్ మార్చి 18 సాయంత్రంలోగా చెప్పాలి. లోగో, ప్రింటర్ల విషయాలకు వేరే మెయిల్ పంపుతున్నాను." ఇది తాజా మెయిల్‌కు జవాబుగా, మధ్యలో జారిపోయిన వారిని కూడా చేర్చి వెళ్లాలి. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే కొత్త చర్చగా విడిపోతుంది కనుక, ప్రధాన విషయానికి పాత సబ్జెక్ట్‌నే ఉంచి, పక్కకు తీసిన వాటికి కొత్తది పెట్టాలి.

"సేల్స్ బృందం చూస్తుంది" అని రాస్తే ఎవరూ చూడరు. పని ఒక్కరి పేరు మీదే ఉండాలి. గడువులోగా అభ్యంతరం రాకపోతే అంగీకారమే అనుకోవడం లోగో వంటి వాటికి సరిపోతుంది గానీ, పన్ను లెక్కలతో ముడిపడిన సంఖ్యలకు పనికిరాదు, అక్కడ బాధ్యుల నుంచి స్పష్టమైన "సరే" రావాలి.

సారాంశం పంపాక కూడా ఇద్దరు అదే వాదనను తిరిగి మొదలుపెడితే, లోపం రాతలో లేదు. నిర్ణయాధికారం ఎవరిదో తేలలేదని అర్థం. అప్పుడు మరో మెయిల్ రాయడం కన్నా ఆ ఇద్దరినీ, వారి పై అధికారినీ పది నిమిషాలు ఫోన్‌లో కలపడం మేలు. అక్కడ తేలిన మాటను మాత్రం అదే రోజు అదే చర్చలో, ఫోన్‌లో లేనివారికీ తెలిసేలా రాయాలి.