బెల్టు పక్కన బోర్డు ఎవరి కోసం?

తాడిపత్రి పరిసరాల్లోని ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో, నాపరాయి కోసే మిషన్ వెనుక గోడకు తగిలించిన ఫ్లెక్సీ మీద ఇలా ఉంది: ‘హెచ్చరిక! యంత్రము నడుచుచున్న సమయమున సిబ్బంది ఎవ్వరూ బెల్టు వద్దకు వెళ్లరాదు. వెళ్లినచో జరుగు ప్రమాదమునకు యాజమాన్యము బాధ్యత వహించదు.’ ఎర్రటి నేల మీద పసుపు అక్షరాలు, ఒక మూలన పుర్రె బొమ్మ, ఇంకో మూలన యూనిట్ పేరు, ఫోన్ నంబరు. ఆ బోర్డు యజమానిని కాపాడటానికి రాసినది. బెల్టు దగ్గర పనిచేసే చేతిని కాపాడే బోర్డు ఎలా ఉండాలన్నది వేరే లెక్క. బోర్డు పెట్టినంత మాత్రాన బెల్టుకు గార్డు అక్కర్లేదని కూడా కాదు, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ అడిగింది తిరిగే భాగాలకు కంచెను.

రంగుతోనే మొదలుపెడదాం. భద్రతా గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణమైన ISO 3864 ప్రకారం ప్రతి రంగుకూ, ఆకారానికీ ఒక అర్థం ఉంది. ఎర్రటి వలయం, దాని మీద అడ్డగీత ఉంటే ‘చేయకూడదు’ అని, నీలి వృత్తం ఉంటే ‘తప్పక చేయాలి’ అని, నల్ల అంచు ఉన్న పసుపు త్రిభుజం ఉంటే ‘ఇక్కడ ఫలానా ప్రమాదం ఉంది’ అని. బెల్టు దగ్గర మనం చెప్పదలచింది మూడోది. మన దగ్గర ఎరుపు ఎంత ఎక్కువ వాడితే అంత గట్టిగా చెప్పినట్టు భావిస్తారు. కానీ యూనిట్‌లో మంటలార్పే సిలిండరు బోర్డు, కరెంటు ప్యానెల్ మీది డేంజర్ బోర్డు, చివరికి ‘చెప్పులు బయట విడవండి’ అన్న బోర్డు కూడా ఎర్రగానే ఉంటే, కొత్తగా చేరిన హెల్పరు కంటికి అవన్నీ ఒకటే.

బొమ్మ విషయంలో సొంత ప్రతిభ చూపించవలసిన పని లేదు. నమోదైన గుర్తుల పట్టిక ISO 7010లో W025 అనే గుర్తు ఉంది. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్యకు చెయ్యి పోవడాన్ని అది చూపిస్తుంది. మన మిషన్‌లో ఉన్నవి రెండు రోలర్లు కావు, మోటారు పుల్లీ, దాని మీదికి ఎక్కే వీ-బెల్టు. అయినా చెయ్యి చిక్కే తీరు ఒకటే: బెల్టు పుల్లీని తాకే చోట వేలు పడితే లోపలికే పోతుంది. ఈ పోలిక పనివాళ్లకు అందుతుందా లేదా అన్నది డిజైనరు కూర్చుని తేల్చలేడు. ఆ గుర్తు ప్రింటు తీసి, ముందు ఏమీ చెప్పకుండా, ఆ మిషన్ మీద పనిచేసే ఒక కుర్రాడికి చూపించి ‘ఇక్కడ ఏమవుతుంది?’ అని అడిగాను. ‘చెయ్యి లోపలికి గుంజేస్తాది సార్’ అన్నాడు. ‘బొమ్మ అర్థమైందా?’ అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు, అందుకే ఆ ప్రశ్న పనికిరాదు. జవాబు తప్పు వస్తే బొమ్మ మార్చాలి. సరిపోయే గుర్తు దొరకకపోతే ఆశ్చర్యార్థకం ఉన్న సాధారణ హెచ్చరిక త్రిభుజం W001 పెట్టి, దాని కింద ప్రమాదం పేరు రాయాలి.

ఎంత పెద్దగా చేయాలన్న దానికి విరివిగా వాడే సూత్రం A ≥ L²/2000. ఇందులో L గుర్తును చూడవలసిన దూరం మీటర్లలో, A గుర్తు వైశాల్యం చదరపు మీటర్లలో. బండ మోసుకొచ్చే హెల్పరుకు బెల్టు వైపు తిరిగే మలుపు నుంచే కనిపించాలి, ఆ దూరం ఇక్కడ 6 మీటర్లు. 36ను 2000తో భాగిస్తే 0.018 చదరపు మీటర్లు, అంటే 180 చదరపు సెంటీమీటర్లు. సమబాహు త్రిభుజం భుజం 20.4 సెంటీమీటర్లు ఉంటే చాలు. అదే 10 మీటర్ల నుంచి కనిపించాలంటే భుజం 34 సెంటీమీటర్లు కావాలి.

ఇంచుమించు 20 సెంటీమీటర్లున్న ఆ త్రిభుజంలో నల్ల అంచు ఎంత మందం ఉండాలన్న చోట రేడియం స్టిక్కర్ షాపుల్లో తరచూ పొరపాటు జరుగుతుంది. మొత్తం వైశాల్యంలో కనీసం సగం పసుపు ఉండాలన్నది నియమం. అంచు 1 సెంటీమీటరు పెడితే లోపలి పసుపు త్రిభుజం మొత్తంలో సుమారు 68 శాతం వస్తుంది. దానిలో నాలుగో వంతు బొమ్మ తీసుకున్నా 51 శాతం పసుపు మిగులుతుంది. ‘కొట్టొచ్చినట్టు కనిపించాలి’ అని అంచును ఒకటిన్నర సెంటీమీటర్లు చేస్తే లోపలి భాగం 55 శాతానికి పడిపోయి, బొమ్మ పోగా మిగిలే పసుపు 41 శాతమే. దూరం నుంచి అది పసుపు గుర్తులా కాక నల్లటి ముద్దలా కనిపిస్తుంది. పసుపులో కూడా తేడా ఉంది. ప్రింటరులో పసుపు సిరా ఒక్కటే వాడితే నిమ్మకాయ రంగు వస్తుంది, కాస్త మెజెంటా కలిస్తేనే RAL రంగుల పట్టికలో 1003 నంబరున్న సిగ్నల్ పసుపుకు దగ్గరవుతుంది.

ఇక మాటలు. అవి త్రిభుజంలోకి రాకూడదు, కింద విడిగా తెల్లటి దీర్ఘచతురస్రంలో నల్ల అక్షరాలతో ఉండాలి. నేను మొదట రాసిన మాట ‘బెల్టు తిరుగుతోంది’. మిషన్ ఆగి ఉన్నప్పుడు అది అబద్ధం, రోజులో సగం సేపు అబద్ధం చెప్పే బోర్డును ఎవరూ నమ్మరు. ‘చెయ్యి పెట్టరాదు’ అంటే అది నిషేధం, పసుపు చెప్పే అర్థానికి పొసగదు. చివరికి మిగిలింది ‘చెయ్యి చిక్కుతుంది’. రెండే మాటలు, జరిగేది చెబుతాయి. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీలు పనిచేసే చోట హిందీలో ఇంకో వరుస పెట్టొచ్చు, కానీ మూడో భాషకు చోటు చేద్దామని అక్షరాలు కుదిస్తే ఏదీ చదవడానికి రాదు. తెలుగు అక్షరాలకు ఇంకో ఇబ్బంది ఉంది. మరీ బొద్దు ఫాంటులో ‘క్కు’ కింది వత్తు పూడుకుపోయి మచ్చలా మారుతుంది, కాబట్టి మధ్యస్థ మందం ఫాంటే మేలు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు 3 మీటర్ల దూరానికి 1 సెంటీమీటరు ఎత్తు సరిపోతుందన్న మోటు లెక్క ఉంది. వత్తులు, గుడులు అక్షరం కన్నా చిన్నవి గనుక తెలుగులో మూల అక్షరానికే ఒకటిన్నర సెంటీమీటర్లు ఇవ్వాలని నా అభిప్రాయం.

బోర్డు ఎక్కడ పెట్టాలన్న దానిలో నేనే తప్పు చేశాను. గార్డు మీద అందంగా అతికించాం. నెల తిరగకముందే బెల్టు మార్చడానికి గార్డు విప్పి పక్కన గోడకు ఆనించారు, దానితో పాటు హెచ్చరిక కూడా గోడ వైపు తిరిగి నిలబడింది. ప్రమాదం బయటపడిన క్షణంలోనే గుర్తు మాయమైంది. ఇప్పుడు రెండు పెట్టాం: ఒకటి మలుపు నుంచి కనిపించేలా గార్డు బయట, రెండోది చిన్నది, గార్డు విప్పితేనే కనిపించేలా మిషన్ ఫ్రేము మీద. రెండో దాని పక్కనే, మరమ్మతుకు ముందు కరెంటు తీయమని చెప్పే నీలి గుర్తు M021 కూడా ఉంది, ఎందుకంటే అక్కడికి చెయ్యి పోయేది మెకానిక్కుదే.

కోతకు నీళ్లు పోస్తారు గనుక స్లర్రీ చిమ్ముతూనే ఉంటుంది. ఆరిన బండ పొడి పసుపును బూడిద రంగు చేస్తుంది, గరుకు ఫ్లెక్సీ మీద అయితే పట్టి వదలదు. అల్యూమినియం షీట్ మీద మ్యాట్ ల్యామినేషన్ ఉన్న స్టిక్కర్ వేస్తే తడి గుడ్డతో పోతుంది. షిఫ్టు చివర బ్లేడు కడిగే నీళ్ల పైపు అందే దూరంలోనే గార్డు మీది గుర్తును అతికించాం. పాత ఎర్ర ఫ్లెక్సీ మాత్రం గోడ మీదే ఉంది. దాన్ని తీయడానికి యజమాని ఇంకా ఒప్పుకోలేదు.