బట్టీ పట్టకముందే ఆ నోట్సును పుస్తకం పక్కన పెట్టి చూడండి

మా మేనకోడలు ఈ ఏడాది నీట్ రాయబోతోంది. నేను చాలా ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, ఆదివారం వచ్చిందంటే పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంది. పోయిన ఆదివారం తన చేతిలో రెండు పేజీల ప్రింట్ ఉంది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రంలో శ్వాస, వాయువుల మార్పిడి గురించిన అధ్యాయానికి చాట్‌బాట్‌తో రాయించిన రివిజన్ నోట్సు అది. "సగం వచ్చేసింది మామయ్యా, ఒప్పజెబుతాను, వినండి" అంది. నేను పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని విన్నాను. నాలుగో వాక్యం దగ్గరే ఆపాల్సి వచ్చింది.

ఉచ్ఛ్వాసంలో డయాఫ్రమ్ సంకోచించడం వల్ల ఛాతీ గది నిలువుగా పెరుగుతుందని, పక్కటెముకలు పైకి లేవడం వల్ల యాంటీరో-పోస్టీరియర్ అక్షంలో పెరుగుతుందని ఆ నోట్సులో ఉంది. ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్నది వేరు. డయాఫ్రమ్ సంకోచం వల్ల యాంటీరో-పోస్టీరియర్ అక్షంలో, బయటి ఇంటర్‌కోస్టల్ కండరాలు పక్కటెముకలను, ఉరోస్థిని పైకి లేపడం వల్ల డార్సో-వెంట్రల్ అక్షంలో పెరుగుతుందని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. తను తెల్లబోయింది. "అయితే నోట్సు తప్పా?" అని అడిగింది.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను, ఎందుకంటే నోట్సులో ఉన్నది ఊరికే కల్పించిన మాట కాదు. మనిషి శరీర నిర్మాణం చెప్పే వైద్య పుస్తకాల్లో యాంటీరియర్ అంటే ముందు వైపు, అంటే రొమ్ము వైపు. పోస్టీరియర్ అంటే వీపు వైపు. ఆ లెక్కన పక్కటెముకలు లేచినప్పుడు ఛాతీ పెరిగేది యాంటీరో-పోస్టీరియర్ దిశలోనే. జంతుశాస్త్రంలో మాత్రం యాంటీరియర్ అంటే తల వైపు, పోస్టీరియర్ అంటే తోక వైపు, డార్సల్ అంటే వీపు, వెంట్రల్ అంటే పొట్ట. ఎన్‌సీఈఆర్‌టీ వాడింది ఈ పద్ధతి. ఒకే మాటకు రెండు శాస్త్రాల్లో రెండు దిశలు ఉన్నాయి. ఆ యంత్రం వైద్య పుస్తకాల భాషను తెచ్చి మన అధ్యాయం పేరు కింద పెట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం మీద అల్లిన ప్రశ్నలో ఈ రెండు అక్షాలనూ తారుమారు చేసిన ఆప్షన్ ఉంటే, నోట్సు చదివిన పిల్ల నిస్సందేహంగా దానినే గుర్తిస్తుంది. రావలసిన 4 మార్కులు రాకపోగా, ఉన్న మార్కుల్లో 1 పోతుంది.

నా బాధ ఇక్కడే ఉంది. ఈ నోట్సులో పచ్చి అబద్ధాలు ఉంటే పిల్లలు ఎలాగో పట్టుకుంటారు. ఇంకో పుస్తకం ప్రకారం సరైనదై, తమ పుస్తకం ప్రకారం తప్పైన వాక్యాన్ని వాళ్లు పట్టుకోలేరు. ఊపిరితిత్తుల ఘనపరిమాణాల్లోనూ ఇదే జరుగుతుంది. ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ వాల్యూమ్ 1000 నుంచి 1100 మి.లీ. అని మన పుస్తకం చెబుతుంది. 1200 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి, ఆ అంకె నోట్సులోకి వచ్చి కూర్చుంటుంది.

అంకెలను కొంతవరకు కూడికతోనే పట్టుకోవచ్చు. మా మేనకోడలి నోట్సులో వైటల్ కెపాసిటీ 3500–4100 మి.లీ. అని ఉంది. ఆ అధ్యాయంలో దీనికి విడిగా అంకె ఇవ్వలేదు, మామూలు శ్వాసలో ఒక్కసారి పీల్చే లేదా వదిలే గాలి అయిన టైడల్ వాల్యూమ్‌కు రెండు రిజర్వ్ వాల్యూమ్‌లనూ కలిపితే వచ్చేదని నిర్వచనం మాత్రమే ఇచ్చారు. కాగితం మీద కూడమన్నాను. టైడల్ వాల్యూమ్ 500కు రెండు రిజర్వ్ వాల్యూమ్‌ల కనిష్ఠ విలువలు 2500, 1000 కలిపితే 4000. గరిష్ఠ విలువలతో 500కు 3000, 1100 కలిపితే 4600. నోట్సులోని అంకెకూ దీనికీ తేడా రెండు కొసల్లోనూ సరిగ్గా 500 ఉంది. టైడల్ వాల్యూమ్‌ను కలపడం మరిచిపోయిన కూడిక అది. తనే కనిపెట్టింది. ఇలాగే, నిమిషానికి 12 నుంచి 16 సార్లు శ్వాసిస్తామన్న మాటను 500తో గుణిస్తే పుస్తకం చెప్పిన 6000–8000 మి.లీ. వస్తుంది కాబట్టి, ఆ అంకె నోట్సులో సరిగానే ఉందని నిమిషంలో తేలిపోయింది.

అయితే కూడిక అన్నింటినీ పట్టదు. కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 70 శాతం బైకార్బొనేట్‌గా, 20–25 శాతం ఎర్ర రక్తకణాల ద్వారా, 7 శాతం ప్లాస్మాలో కరిగి రవాణా అవుతుందని పుస్తకంలో ఉంది. నోట్సులో చివరి రెండూ తారుమారయ్యాయి. మొత్తం ఎటూ మారదు, అంకెలన్నీ పుస్తకంలోవే, చూడగానే తెలిసినవిగా అనిపిస్తాయి. ఏ అంకె ఏ పేరుకు చెందుతుందో వాక్యం పక్కన వాక్యం పెట్టి చూస్తే తప్ప ఇది దొరకదు.

ఇంకొక రకం తప్పు ఒక విశేషణం జారిపోవడం వల్ల వస్తుంది. మామూలు నిశ్వాసం తరువాత బలవంతంగా అదనంగా వదలగలిగే గాలి ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ వాల్యూమ్. నోట్సు దానిని కుదించి "నిశ్వాసంలో వదిలే గాలి" అని రాసింది. "బలవంతంగా", "అదనంగా" అన్న మాటలు పోయాక మిగిలింది టైడల్ వాల్యూమ్ నిర్వచనం. సంక్షిప్తం చేయమని అడిగితే ముందుగా రాలిపోయేవి ఇలాంటి మాటలే.

ఆ రోజు మేము చేసిన పని చెబుతాను. నోట్సు ఎడమ పక్కన, పుస్తకం కుడి పక్కన పెట్టుకున్నాం. ప్రతి అంకెకు, ప్రతి దిశకు, పెరుగుతుంది, తగ్గుతుంది అనే ప్రతి క్రియకు పెన్సిల్‌తో గీత గీసి, పుస్తకంలో అది ఉన్న పేజీ సంఖ్యను అంచున రాశాం. పేజీ దొరకని వాక్యాన్ని కొట్టేశాం, అది నిజమే అయి ఉండవచ్చుననిపించినా సరే. తరువాత పుస్తకం నుంచి నోట్సుకు తిరిగి వచ్చాం, ఎందుకంటే మొదటి దారిలో తప్పులు దొరుకుతాయి కానీ వదిలేసినవి దొరకవు. 100 మి.లీ. ఆక్సీకృత రక్తం కణజాలాలకు సుమారు 5 మి.లీ. ఆక్సిజన్ అందిస్తుందన్న వాక్యం నోట్సులో అసలే లేదు. రెండు పేజీలకు ముప్పావు గంట పట్టింది.

పుస్తకం ఏ ముద్రణో కూడా చూసుకోవాలి. పాఠాలు తగ్గించిన తరువాత ఈ అధ్యాయం 17 నుంచి 14కు మారింది. నోట్సు పైన "అధ్యాయం 17" అని ఉండడం మాకు మొదటి హెచ్చరిక కావలసింది, ఆలస్యంగా గమనించాం.

"ఇది సరేనా అని దాన్నే మళ్లీ అడిగితే సరిపోదా మామయ్యా?" అని అడిగింది. సరిపోదు. అడిగినప్పుడు అది మన చేతిలోని పేజీని తెరిచి చూడదు. అధ్యాయం పీడీఎఫ్‌ను ఇచ్చి రాయిస్తే తప్పులు తగ్గుతాయి కానీ, పైన చెప్పిన తారుమార్లు, రాలిపోయిన మాటలు అప్పుడూ ఉంటాయి. ఒక కోచింగ్ సెంటర్ ఇలాంటి నోట్సును ఎవరూ సరిచూడకుండానే వందల మంది పిల్లలున్న గ్రూపులో పెట్టిందని తెలిసి నాకు నిజంగా కోపం వచ్చింది. ఫీజు తీసుకున్నవాళ్లు ఆ ముప్పావు గంట వెచ్చించలేరా?

మా మేనకోడలికి ఇప్పుడున్న కష్టం ముందే బట్టీ పట్టేసిన ఆ సగం పేజీ. నిన్న ఫోన్‌లో అడిగితే పక్కటెముకలకు మళ్లీ యాంటీరో-పోస్టీరియర్ అనే చెప్పి, వెంటనే నాలుక కరుచుకుంది. బుధవారం మళ్లీ అడగమంది.