నల్ల సూట్‌లో ఉన్నది ఎవరు? స్పైడర్‌మ్యాన్ వేషం మారిన ప్రతిసారీ జటిలమయ్యే ప్రశ్న

కిందటేడు ఒక క్విజ్ పోటీకి ప్రశ్నలు తయారుచేసిన వారిలో నేనూ ఒకణ్ణి. బొమ్మల రౌండ్‌లో తెర మీద ఒక కామిక్ బొమ్మ వేశాం. నడుము పైభాగం మాత్రమే కనిపించేలా కత్తిరించాం. ఒళ్లంతా నలుపు, ఛాతీ నిండా తెల్లని సాలీడు, దాని కాళ్లు పక్కటెముకల మీదుగా వీపు వైపు సాగిపోతూ ఉన్నాయి. ముసుగు మీద రెండు పెద్ద తెల్లని కళ్లు తప్ప మరేమీ లేవు. ఒక జట్టు స్పైడర్‌మ్యాన్ అంది. పక్క జట్టు అతని శత్రువు వెనమ్ అంది. మేం మొదటి జట్టుకు మార్కులు వేశాం, రెండో జట్టు ఒప్పుకోలేదు. ఆ తరువాత పాత సంచికలు ముందు పెట్టుకుని చూస్తే, మేమిచ్చిన తీర్పుకు ఆ బొమ్మలో ఆధారమే లేదని అర్థమైంది.

ఆ నల్ల వేషం 1984 మే నెల తేదీతో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 252వ సంచికలో పాఠకుల ముందుకు వచ్చింది. అది ఎక్కడిదో చెప్పిన కథ మాత్రం సీక్రెట్ వార్స్ అనే మరో కామిక్ 8వ సంచికలో, అదే ఏడాది చివర్లో వచ్చింది. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ పార్కర్ వేరే గ్రహం మీద యుద్ధంలో చిరిగిపోయిన తన బట్టలను బాగుచేసుకోవడానికి ఒక యంత్రం దగ్గరికి వెళితే, అందులోంచి నల్లని ముద్ద ఒకటి వచ్చి అతని ఒంటికి అంటుకుని సూట్‌గా మారుతుంది. ఆ సూట్‌కు ఆ ఆకారం ఎందుకు వచ్చిందో కూడా కథలోనే ఉంది. అదే యుద్ధంలో కనిపించిన కొత్త స్పైడర్‌ఉమన్ జూలియా కార్పెంటర్ వేషం పీటర్ మనసులో మెదిలింది. ఆమెదీ నల్లని సూటే, దాని మీదా పెద్ద తెల్లని సాలీడే. అంటే ఈ వేషం పుట్టిన కథలోనే దాన్ని పోలిన వేషంలో రెండో మనిషి ఉంది. జూలియాను గుర్తుపట్టడానికి ముసుగు వెనక నుంచి జారే పొడవాటి జుట్టు, తెల్లని గ్లవ్స్, తెల్లని బూట్లు చూడాలి. బొమ్మను మెడ దగ్గరా నడుము దగ్గరా కత్తిరిస్తే ఆ మూడింటిలో చాలా వరకు పోతాయి.

కొన్ని నెలలకే 258వ సంచికలో ఆ సూట్ బట్ట కాదని, ప్రాణమున్న పరాన్నజీవి అని తేలుతుంది. పీటర్ దాన్ని వదిలించుకుంటాడు. నిజానికి చిక్కు మొదలయ్యేది ఇక్కడే. గ్రహాంతర జీవి వెళ్లిపోయినా ఆ వేషం పోలేదు, ఎందుకంటే అచ్చం అలాగే ఉండే బట్టతో కుట్టిన సూట్ ఒకటి పీటర్ చేతికి వచ్చింది. 1988లో వచ్చిన 300వ సంచికలో మళ్లీ ఎరుపు, నీలం వేషానికి మారేదాకా అతను దాన్నే ఎక్కువగా వాడాడు. ఒకటి ఒంటికి అంటుకున్న జీవి, రెండోది కుట్టిన గుడ్డ. కథలో ఈ రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అట్ట మీది బొమ్మలో మాత్రం తేడా కనబడదు. జీవి అయితే చేతి వెనక ఉన్న తెల్లని మచ్చ నుంచే గూడుదారం వస్తుంది, గుడ్డ సూట్‌కు మణికట్టు దగ్గర దారం వదిలే పరికరం ఉండాలి. చేతులు కనబడి, దారం వదులుతున్న క్షణం గీస్తే తప్ప ఈ ఆనవాలు పనికిరాదు.

పీటర్ మళ్లీ ఎరుపు, నీలం తొడుక్కున్న ఆ 300వ సంచికలోనే, అతను వదిలేసిన జీవి ఎడ్డీ బ్రాక్ అనే మనిషిని పట్టుకుని వెనమ్‌గా ఎదురు నిలబడింది. ఒకరు ఆ వేషాన్ని వదిలిన చోటే మరొకరు దాన్ని వేసుకున్నారన్నమాట. టాడ్ మెక్‌ఫార్లేన్ గీసిన వెనమ్‌కు భారీ శరీరం, పళ్లు బయటపెట్టిన నోరు ఉంటాయి కాబట్టి, అప్పటికి నోరు చూసి తేల్చవచ్చు. ఆ ఆనవాలు కూడా 2009లో పోయింది. డార్క్ అవెంజర్స్ కథలో స్పైడర్‌మ్యాన్ పాత శత్రువు నార్మన్ ఆస్‌బోర్న్ తన దుష్టుల జట్టుకు మంచివాళ్ల పేర్లు తగిలిస్తాడు. అప్పటికి వెనమ్ జీవిని మోస్తున్న మాక్ గార్గన్‌ను నల్ల వేషపు స్పైడర్‌మ్యాన్‌గా లోకానికి చూపిస్తాడు. ఆ కథలో వెనమ్ నోరు మూసుకుని, మామూలు ఒడ్డూ పొడుగుతో నిలబడి, జనం కళ్లకు స్పైడర్‌మ్యాన్‌లాగే ఉంటాడు. దానికి రెండేళ్ల ముందు, 2007లో, అసలు పీటరే కోపంతో మళ్లీ గుడ్డ సూట్ తొడిగాడు. కాబట్టి క్విజ్‌లో మేం వేసిన బొమ్మకు కనీసం నాలుగు సరైన జవాబులున్నాయి: జీవితో ఉన్న పీటర్, గుడ్డ సూట్‌లో ఉన్న పీటర్, స్పైడర్‌మ్యాన్‌గా నటిస్తున్న వెనమ్, కత్తిరింపు మరీ ఎక్కువైతే జూలియా. వెనమ్ అన్న జట్టు తప్పు చెప్పలేదు.

దీన్ని కేవలం చిత్రకారుల పొరపాటు అనుకోకూడదని నా అభిప్రాయం. బొమ్మ చూసి "ఎవరిది?" అని అడిగేటప్పుడు మనం మూడు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నాం. ఆ పాత్ర పేరు ఏమిటి, ముసుగు లోపలి మనిషి ఎవరు, ఇది ఏ కాలపు లేదా ఏ సినిమాలోని రూపం అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. 1962లో స్టీవ్ డిట్కో, స్టాన్ లీ ఆ పాత్రను తెచ్చినప్పుడు మూడింటికీ ఒకే జవాబు. ఆ తరువాత ప్రతి కొత్త వేషమూ ఆ మూడింటినీ కొంచెం కొంచెంగా విడదీసింది.

సినిమాల విషయంలో ఈ చీలిక ఇంకో దారిలో జరిగింది. గీసే బొమ్మకు చదునైన రంగు చాలు, కెమెరాకు మాత్రం నేత, మెరుపు, నీడ కావాలి. 2002 సినిమాలో గూడు గీతలను సూట్ మీద ఉబ్బెత్తుగా చేసి వెండి ఛాయ ఇచ్చారు. 2012 సినిమాలో కళ్లకు పసుపు ఛాయ ఇచ్చి, నడుముకు ఎర్ర పట్టీ తీసేశారు. 2016 నుంచి కనిపిస్తున్న నటుడు టామ్ హాలండ్ సూట్‌లో కళ్లు చిన్నవీ పెద్దవీ అవుతుంటాయి, చేతుల మీద నల్లని పట్టీలు ఉంటాయి. ఈ మార్పుల ప్రభావం అందరి మీదా ఒకేలా ఉండదు. సినిమాలు వరసగా చూసినవాళ్లకు పసుపు కళ్లు కనిపించగానే అది ఆండ్రూ గార్ఫీల్డ్ నటించిన మొదటి స్పైడర్‌మ్యాన్ సినిమా అని తెలిసిపోతుంది. ఒక్క సినిమా మాత్రమే చూసినవారికి అదే పసుపు కన్ను సందేహం పుట్టిస్తుంది. అంటే కొత్త రూపం ఎంత ప్రత్యేకంగా ఉంటే తెలిసినవారికి కాలం చెప్పడం అంత తేలిక, తెలియనివారికి పేరు చెప్పడం అంత కష్టం. 2007 సినిమాలోని నల్ల సూట్ దీనికి మంచి ఉదాహరణ. అందులో కామిక్‌లోని పెద్ద తెల్లని సాలీడు లేదు, పాత సూటే గూడు గీతలతో సహా నల్లబడినట్టు ఉంటుంది. కామిక్ చదివినవారు నల్ల వేషం అనగానే వెతికే ఆనవాలు అందులో దొరకదు. ఇక దాన్ని నలుపు తెలుపులోకి మార్చిన ఫోటోగా చూస్తే, ఎరుపు సూట్‌కూ దానికీ తేడా తేల్చడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

2019 సినిమాలో ఈ సమస్యే కథలో భాగమైంది. యూరప్ వెళ్లిన పీటర్, గుర్తులేవీ లేని నల్లని సూట్, కళ్లద్దాలతో పోరాడతాడు. చూసినవారు ఎవరని అడిగితే, అతని స్నేహితుడు అప్పటికప్పుడు "నైట్ మంకీ" అనే పేరు కల్పించి చెబుతాడు. ఆ పేరే ప్రచారంలోకి వెళ్తుంది. శరీరం అదే, కదలిక అదే, చేసే పని అదే. ఛాతీ మీది సాలీడు, ఎరుపు రంగు లేకపోయేసరికి ఎదురుగా చూసినవారు కూడా గుర్తుపట్టలేదు.

ఆ సినిమా చివర్లో పీటర్ తయారుచేసుకునే ఎరుపు, నలుపు సూట్ ఇంకో తికమకకు దారితీసింది. 2011లో సారా పికెల్లీ గీతలతో వచ్చిన మరో స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్ వేషమూ ఎరుపు, నలుపే. పీటర్ శరీరంలోకి అతని శత్రువు డాక్టర్ ఆక్టోపస్ మనసు చేరాక 2013లో వేసిన సుపీరియర్ స్పైడర్‌మ్యాన్ వేషమూ అవే రంగులు. చిన్న బొమ్మలో ఈ మూడింటినీ కలిపేయడం రోజూ జరిగేదే. ఛాతీ మీద చూపు పెడితే ఇక్కడ లాభం లేదు, మొదట ముసుగు చూడాలి. ముసుగు నలుపై, దాని మీద ఎర్రని గీతలుంటే మైల్స్. ముసుగు ఎరుపై, గీతలు నలుపైతే మిగిలిన ఇద్దరిలో ఒకరు. ఆ ఇద్దరిలో ఆక్టోపస్‌ది ఏదో తేల్చాలంటే కిందికి దిగాలి. 2013 వేషం పైన ఎరుపుతో మొదలై కిందికి వచ్చేకొద్దీ నలుపుగా మారుతుంది, సినిమా సూట్‌లో పాత వేషంలో నీలం ఉన్నచోటల్లా నలుపు ఉంటుంది. ముఖం ఒక్కటే కనబడే బొమ్మ అయితే ఈ రెండో మెట్టు దగ్గర ఆగిపోవాల్సిందే.

ఎరుపు, నలుపు కొత్తగా వచ్చిన జంట కాదని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. డిట్కో తొలి బొమ్మల్లో ఆ వేషంలో ఎరుపు కాని భాగం నీలం మెరుపు వేసిన నలుపు. చవకగా రంగులు వేసే అచ్చులో నలుపును వెలుగునీడలతో చూపడానికి నీలం వాడేవారు, ఆ నీలమే క్రమంగా విస్తరించి అసలు రంగుగా స్థిరపడింది. కాబట్టి పాత అచ్చు నుంచి తీసిన బొమ్మలో నలుపు కనబడితే అది వేషం మారిందనడానికి సాక్ష్యం కాదు. ముందు ఆ కాగితం వయసు, రంగు చుక్కల తీరు చూడాలి. బొమ్మ పక్కన మరో పాత్ర ఉంటే, మాటల బుడగ ఉంటే, సంచిక నంబరు ఉంటే అవి సూట్ కంటే గట్టి ఆధారాలు.

ఇంత చూసినా తేలని బొమ్మలుంటాయి. 2011 ఆగస్టులో వచ్చిన అల్టిమేట్ ఫాలౌట్ 4వ సంచికలో పీటర్ చనిపోయిన లోకంలో ఒక స్పైడర్‌మ్యాన్ దొంగతో తలపడతాడు. అతని వేషం పీటర్ వేసుకున్న ఎరుపు, నీలం వేషానికి నకలు. చూస్తున్నవారికి ఆ వేషం చనిపోయిన కుర్రాణ్ణి అవమానించినట్టు అనిపిస్తుంది. ఆ పేజీల్లో ఏ బొమ్మను విడిగా తీసి చూసినా అది పీటరే అనిపిస్తుంది, అలా అన్నవారిని తప్పు పట్టడానికి ఆ బొమ్మలో ఏమీ లేదు. కథ చివర్లో అతను ముసుగు తీస్తాడు. లోపలున్నది పదమూడేళ్ల మైల్స్ మొరాలెస్.