ప్రింటర్ మెమరీ నిండితే ఫైల్‌ను కుదించడం మందు కాదు

"లేజర్ ప్రింటర్ మీద Out of Memory వస్తే ఫైల్ సైజు ఎక్కువైందని అర్థం. పీడీఎఫ్‌ను కంప్రెస్ చేయండి, లేదంటే కంప్యూటర్‌కు ర్యామ్ పెంచండి. రిజల్యూషన్ మాత్రం తగ్గించొద్దు, అక్షరాలు పాడవుతాయి. అప్పటికీ రాకపోతే కొన్ని కొన్ని పేజీలుగా పంపండి."

మొదటి మాటే తప్పు, మిగతావన్నీ దాని మీద కట్టినవే. డ్రమ్ము తిరగడం మొదలయ్యాక పేజీ మధ్యలో ఆగదు. లేజర్‌కు అందాల్సిన చుక్కలు ఆ వేగానికి సిద్ధంగా ఉండాలి. 600 డీపీఐ దగ్గర, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, ఏ4 పేజీకి దాదాపు 3.5 కోట్ల చుక్కలు. చుక్కకు ఒక బిట్ చొప్పున చూసినా 4.3 ఎంబీ దాటుతుంది. ఫైల్ 300 కేబీ అయినా 30 ఎంబీ అయినా ఈ లెక్క మారదు. పేజీని ఆజ్ఞల రూపంలో అందుకుని తామే గీసుకునే పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ ప్రింటర్లలో దీనికి తోడు గీతలనూ ఫాంట్లనూ బొమ్మలనూ చుక్కలుగా మార్చేదాకా దాచుకునే చోటు కూడా కావాలి. చాలాసార్లు నిండిపోయేది అదే.

కోరల్‌డ్రాలో చేసిన ఒక శుభలేఖను తీసుకోండి. చుట్టూ లతల బార్డరు, దాని వెనక నీడ, పైన వినాయకుడి బొమ్మ, కర్వ్స్‌గా మార్చిన అక్షరాలు. ఉన్నది ఒకే పేజీ, ఫైల్ రెండు ఎంబీలు, అయినా ప్రింటర్ మొరాయిస్తుంది. బొమ్మ అచ్చులో 2×3 అంగుళాలే కానీ స్కాన్ చేసింది 1200 డీపీఐలో. అంటే 2400×3600 పిక్సెళ్లు, కలర్‌లో విప్పితే 26 ఎంబీ. జేపెగ్ క్వాలిటీ తగ్గించి ఫైల్‌ను సగం చేసినా పిక్సెళ్లు అన్నే ఉంటాయి కాబట్టి విప్పాక మళ్లీ అదే 26 ఎంబీ. కొన్ని కంప్రెస్ సైట్లు పిక్సెళ్లను కూడా తగ్గిస్తాయి, అప్పుడు ప్రింట్ వచ్చేస్తుంది. ఈ నమ్మకం పుట్టింది బహుశా అక్కడే. బార్డరు సంగతి వేరు. వేల నోడ్లు, అంటే గీత వంపులను పట్టి ఉంచే బిందువులు, ఉన్న లతను ఏ కంప్రెషనూ సులువు చేయదు, నీడలోని ట్రాన్స్‌పరెన్సీ పనిని ఇంకా పెంచుతుంది.

ఇక్కడ చేయాల్సింది ఇది. బొమ్మను ఒకసారి, నీడతో కలిపి బార్డరును ఇంకోసారి సెలెక్ట్ చేసి Bitmaps మెనూలో Convert to Bitmap నొక్కండి. మోడ్ Grayscale పెట్టండి. బొమ్మకు 200 డీపీఐ చాలు, సన్నని గీతలున్న బార్డరుకు 300. బొమ్మ ఇప్పుడు 400×600 పిక్సెళ్లు, పావు ఎంబీ కూడా లేదు. అక్షరాలను ముట్టుకోవద్దు, అవి 600లోనే పదునుగా పడతాయి. లేజర్ బూడిద రంగును నల్ల చుక్కల జల్లెడగానే వేస్తుంది. 600 డీపీఐ యంత్రంలో ఆ జల్లెడ అంగుళానికి మహా అయితే నూరు గీతల చిల్లర, కాబట్టి 200 దాటిన పిక్సెళ్లు కాగితం మీద కనిపించవు.

అసలు ఫైల్ లేక పీడీఎఫ్ ఒక్కటే ఉంటే అడోబ్ రీడర్ ప్రింట్ విండోలో Advanced నొక్కి Print As Image టిక్ చేసి 300 పెట్టండి. ఘోస్ట్‌స్క్రిప్ట్ ఉన్నవాళ్లు మొండికేసిన పేజీని (ఉదాహరణకు మూడోది) ఇలా మార్చుకోవచ్చు:

```
gs -o out.pdf -sDEVICE=pdfimage8 -r300 -dFirstPage=3 -dLastPage=3 in.pdf
```

ఈ రెండు దారుల్లోనూ పేజీ మొత్తం బొమ్మైపోతుంది కాబట్టి సన్న అక్షరాల అంచులు కొంచెం మొద్దుబారతాయి. అక్షరాల గురించిన భయానికి అర్థం ఉన్నది ఇక్కడే. డ్రైవర్‌లో 1200 నుంచి 600కు దిగితే మామూలు ఉత్తరంలో తేడా పట్టుకోవడం కష్టం, మెమరీ అవసరం మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. 300కు దిగితేనే ఒత్తుల సందులు పూడుకుపోతాయి.

కంప్యూటర్ ర్యామ్‌కు ప్రింటర్ మెమరీతో సంబంధం లేదు. హెచ్‌పీ 1020, కెనాన్ ఎల్‌బీపీ2900 లాంటి వాటిలో పేజీని చుక్కలుగా మార్చేది కంప్యూటరే, ర్యామ్ ఎక్కువుంటే ఆ పని త్వరగా అవుతుందేమో. కానీ కుదించిన చుక్కలు వచ్చి చేరేది ప్రింటర్‌లోని 2 ఎంబీలోకే. ఈ ప్రింటర్లకు నోడ్లు ఎన్నున్నా పట్టదు, సరిగా కుదించుకోని మసక షేడింగే భారం. అందుకని ముందు రిజల్యూషన్ తగ్గించి చూడండి. మెమరీ కార్డు స్లాటు ఉన్న పెద్ద ప్రింటరైతే కార్డు వేశాక డ్రైవర్ ప్రాపర్టీస్‌లో Device Settings లోనూ కొత్త సైజు చూపించాలి.

పేజీలు విడగొట్టడం వల్ల దోషి పేజీ ఏదో తెలుస్తుంది, అంతే. 200 పేజీల మామూలు టెక్స్ట్ హాయిగా పోతుంది, ఆ ఒక్క శుభలేఖ విడిగా పంపినా ఆగుతుంది. రెండు వైపులా ప్రింట్ మాత్రం మినహాయింపు. చాలా యంత్రాలు రెండో వైపును ముందే సిద్ధం చేసి పెట్టుకుంటాయి కనుక డూప్లెక్స్ తీసేస్తే కొన్నిసార్లు ఆ పేజీ వచ్చేస్తుంది. సగం పేజీ పడి మిగతాది రెండో కాగితం మీదకు పోతే, లేదా హెచ్‌పీలో 21 నంబర్ ఎర్రర్ వస్తే, పేజీ చుక్కలు వేళకు అందలేదన్నమాట. ప్రింటర్ మెనూలో Page Protect ఉంటే ఆన్ చేయండి. పేజీ మొత్తం సిద్ధమయ్యాకే కాగితం లాగుతుంది, అందుకు ఇంకొంచెం మెమరీ తీసుకుంటుంది.